లైవ్ జూదం వీడియోల్లో కనిపించే డబ్బు ఎవరిది?

“ఇది లైవ్, ఎడిట్ చేసే ఛాన్సే లేదు. సొంత డబ్బుతో ఆడుతున్నాడు, పోయినప్పుడు కూడా దాచకుండా చూపిస్తున్నాడు. ప్రూవబ్లీ ఫెయిర్ కాబట్టి రిజల్ట్ ఎవరైనా చెక్ చేసుకోవచ్చు. విత్‌డ్రా కూడా స్క్రీన్ మీదే చేశాడు. ఒక్క స్పిన్‌కి నాలుగు కోట్లు! వాడికి వచ్చినప్పుడు మనకెందుకు రాదు?”

(ఒక స్లాట్ ఆట వీడియో ముక్కతో పాటు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతున్న సందేశం)

లైవ్ అన్న సంగతి దగ్గర నాకు పేచీ లేదు. ఇలాంటి ప్రసారాల్లో చాలా వరకు నిజంగానే ఆ క్షణంలో జరుగుతున్నవే, తెర మీద తిరిగిన చక్రాలు నిజంగా తిరిగినవే. అయితే ప్రత్యక్ష ప్రసారం ఒక సంఘటన ఎప్పుడు జరిగిందో మాత్రమే రుజువు చేస్తుంది. పందెంలో పెట్టిన డబ్బు ఎవరిదో, గెలిచిన దాన్ని ఆటగాడు ఇంటికి తీసుకుపోగలడో లేదో కెమెరాకు తెలియదు, ఎందుకంటే స్లాట్ ఆట తెర మీద మూలన కనిపించే బ్యాలెన్స్ జూదపు సైటు తన సర్వరులో రాసుకున్న ఒక అంకె. ఆ అంకె వెనుక బ్యాంకు నుంచి వచ్చిన డబ్బు ఉన్నా, సైటు యజమాని ఊరికే టైపు చేసిన సున్నాలు ఉన్నా, తెర మీద అది ఒకే అక్షరాల్లో ఒకే రంగులో కనిపిస్తుంది.

ఈ వ్యాపారంలో ఉన్నవారు ఆ తేడాకు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆటగాడు తన జేబులోంచి వేసుకుని, గెలిస్తే పూర్తిగా తీసుకోగలిగిన దాన్ని ‘రా బ్యాలెన్స్’ అంటారు. సైటు తానే నింపి ఇచ్చేదాన్ని ‘ఫిల్’ అంటారు. ఫిల్‌లోనూ రకాలున్నాయి. కొన్ని ఒప్పందాల్లో నింపిన అసలును వెనక్కి తీసుకోవడానికి వీలుండదు, దాని మీద వచ్చిన లాభంలో కొంత వంతు మాత్రం ఇస్తారు. మరికొన్నింటిలో ఒక్క పైసా కూడా బయటికి రాదు. ప్రసారం ఉన్నంతసేపు ఆడటమే పని, ఆ పనికి వేరే పారితోషికం ఉంటుంది. ఇంకొక పద్ధతిలో ఆటగాడు మొదట తన డబ్బే వేస్తాడు గానీ, నెలాఖరుకు పోయిన దానిలో కొంత తిరిగి ఇస్తామని తెర వెనుక మాట ఉంటుంది. అన్నిటికన్నా చవకైనది డెమో. దాదాపు ప్రతి స్లాట్ ఆటకూ ఉత్తుత్తి నాణేలతో ఆడుకునే రూపం ఒకటి ఉంటుంది, బొమ్మలు, శబ్దాలు, గెలుపు దృశ్యాలు అన్నీ అసలు ఆటలో ఉన్నట్టే ఉంటాయి.

‘సొంత డబ్బు’ అన్న మాట ఈ రకాల్లో ఒక్కదానికే సరిపోతుంది. ఆ ఒక్కదానికి కూడా ఎంత మేరకు సరిపోతుందో ఒక బహిరంగ ఉదాహరణతో చూద్దాం. ట్రెయిన్‌రెక్స్ టీవీ పేరుతో ప్రసారాలు చేసే అమెరికన్ స్ట్రీమర్ టైలర్ నిక్నమ్, తనకు 16 నెలల్లో ఒక క్రిప్టో జూదపు సైటు నుంచి 36 కోట్ల డాలర్లు ముట్టాయని 2022 అక్టోబరులో తన ప్రసారంలోనే చెప్పాడు. అంటే నెలకు సుమారు రెండుంపావు కోట్ల డాలర్లు. తనది రా బ్యాలెన్సేనన్న అతని మాటను నేను కాదనడం లేదు, కాదనవలసిన అవసరం కూడా లేదు. పందెంలో సగటున నూటికి నాలుగు పోయే ఆటలో నెలకు రెండుంపావు కోట్ల డాలర్లు పోగొట్టుకోవాలంటే ఆ నెలలో 56 కోట్ల డాలర్ల విలువైన పందేలు కాయాలి. అంతకు తక్కువ ఆడినంత కాలం, సగటు లెక్కన, ఎంత పోయినా ఆ నెల అతనికి లాభమే. డబ్బు చట్టప్రకారం అతనిదే కావచ్చు, కానీ ఓటమి భారం అతని మీద లేదు. జీతం డబ్బులో పదివేలు తీసి పెట్టిన మనిషి, అతను కూర్చున్న బల్ల దగ్గరే కూర్చున్నాననుకుంటే అది భ్రమే.

ప్రసారం జరిగే వేదిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్విచ్ అనే వేదిక 2022 అక్టోబరు 18 నుంచి, అమెరికాలో గానీ వినియోగదారులకు తగిన రక్షణ ఉన్న మరో చోట గానీ లైసెన్సు లేని స్లాట్, రూలెట్, డైస్ సైట్ల ప్రసారాలను నిషేధిస్తూ నాలుగు సైట్ల పేర్లు ప్రకటించింది. వాటిలో స్టేక్ ఒకటి. కొద్ది నెలల్లోనే, అదే ఏడాది చివర, కిక్ అనే కొత్త వేదిక మొదలైంది. దాని వెనుక ఉన్నది స్టేక్‌ను స్థాపించిన వారే. జూదశాల, దాన్ని చూపించే ఛానలు ఒకే గూటివి అయినప్పుడు, ఏ వీడియో మొదటి పేజీలోకి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఊహించడం కష్టం కాదు.

ఇక సందేశంలోని నాలుగు కోట్ల దగ్గరికి వద్దాం. అటువంటి గెలుపు వచ్చిన రాత్రి చిట్టా మొత్తం ఎలా ఉంటుందో నేనే ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. అంకెలు నేను వేసినవే గానీ ఆట నియమాలు ఈ రకపు స్లాట్లలో మామూలుగా ఉండేవే. పందెం స్పిన్‌కు 100 డాలర్లు. మామూలు స్పిన్‌లు తిప్పుతూ, పెద్ద గెలుపులకు వీలుండే బోనస్ రౌండ్ కోసం కాచుకు కూర్చునే ఓపిక స్ట్రీమర్లకు ఉండదు కనుక, పందేనికి నూరు రెట్లు చెల్లించి బోనస్‌ను నేరుగా కొనుక్కుంటారు. అంటే ఒక్కొక్క కొనుగోలు 10,000 డాలర్లు. ఆరు గంటల ప్రసారంలో 150 సార్లు కొన్నాడనుకుందాం, మొత్తం పెట్టినది 15 లక్షల డాలర్లు. వాటిలో ఒకసారి ఆట ఇవ్వగలిగిన గరిష్ఠ గెలుపు, అంటే పందేనికి 5,000 రెట్లు, తగిలింది. డాలరు 85 రూపాయల లెక్కన ఆ 5 లక్షల డాలర్లు నాలుగుంపావు కోట్ల రూపాయలు. కేకలు, కుర్చీ వెనక్కి పడటం, చాట్‌లో మంటల బొమ్మలు, అన్నీ ఆ నలభై సెకన్లలోనే ఉంటాయి, ముక్క కత్తిరించేది కూడా అక్కడే. మిగిలిన 149 కొనుగోళ్లలో చాలా వాటికి మూడు వేలు, నాలుగు వేలు, అప్పుడప్పుడూ ఇరవై వేలు వచ్చి, మొత్తం 8 లక్షల డాలర్లు తిరిగి వచ్చాయనుకుందాం. రాత్రి ముగిసేసరికి పెట్టినది 15 లక్షలు, వచ్చినది 13 లక్షలు. గ్రూపుల్లో నాలుగు కోట్ల గెలుపుగా తిరిగిన ఆ రాత్రి, పద్దులో కోటీ డెబ్భై లక్షల రూపాయల నష్టంగా మూసుకుంది.

ఇదే చిట్టా ఫిల్ ఖాతాలో జరిగితే కోటీ డెబ్భై లక్షలు ఎవరికి పోయాయి? ఎవరికీ పోలేదు. సర్వరులో ఒక అంకె తగ్గింది, రేపు మళ్లీ నింపుతారు. మన ఊళ్లలో జాతర దగ్గర మూడు ముక్కలాట చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ముందుగా నోట్ల కట్ట పెట్టి గెలిచే మనిషి, ముక్కలు పరిచినవాడి మనిషే. ఎప్పుడూ గెలిస్తే జనం నమ్మరని అతను మధ్యమధ్య ఓడిపోతాడు కూడా.

ఓటములు దాచడం లేదన్న వాదానికి సగం సమాధానం అక్కడే ఉంది. మిగతా సగం ఏమిటంటే, ఓటమిని చూపించడం వేరు, మొత్తం పద్దును చూపించడం వేరు. ఒక ప్రసారంలో యాభై వేలు పోవడం మీరు చూస్తారు. విరామం తీసుకుని వచ్చేసరికి బ్యాలెన్స్ మళ్లీ లక్షకు చేరి ఉంటుంది. ఆ జమ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే తెర మాత్రం కెమెరా ముందుకు రాదు. అసలు తేల్చవలసిన అంకెలు రెండే. ఖాతా తెరిచిన నాటి నుంచి ఈ రోజు వరకు వేసిన జమ ఎంత, తీసుకున్న సొమ్ము ఎంత. ఒక రాత్రి గెలుపోటములు ఎన్ని చూసినా ఈ రెండు అంకెలు తెలియవు. ఇంకొక చిన్న సూచన కూడా ఉంది. సొంత సొమ్ము పోతున్న మనిషి సాధారణంగా పందెం తగ్గిస్తాడు, లేదా కసితో పెంచి ఖాళీ అయి లేస్తాడు. వారం తరువాత వారం, ఒకే వేళకు, ఒకే గంటలు, ఒకే స్థాయి పందెంతో ఆడుతున్నాడంటే అది ఉద్యోగం చేసే తీరు. ఇది రుజువు కాదు, అనుమానానికి తగిన కారణం మాత్రమే.

ప్రూవబ్లీ ఫెయిర్ గురించి కాస్త ఓపికగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న కుర్రవాళ్లు నమ్మి మోసపోయేది దీని దగ్గరే. మొదటి సంగతి, అది ఇలాంటి స్లాట్ వీడియోలకు సాధారణంగా వర్తించదు. ఆ ఏర్పాటు ఎక్కువగా క్రిప్టో సైట్లు సొంతంగా తయారు చేసుకున్న డైస్, క్రాష్ వంటి ఆటలకు ఉంటుంది. బయటి కంపెనీలు తయారు చేసి ఇచ్చే స్లాట్లలో చాలా వాటికి ఉండేది పరీక్షా ప్రయోగశాల ఇచ్చిన ధ్రువపత్రం మాత్రమే, ఇంట్లో కూర్చుని మనం లెక్క కట్టి చూసుకునే వీలు వాటిలో ఉండదు. పైగా ఒకే స్లాట్‌ను నూటికి 96 తిరిగి ఇచ్చే అమరికలోనూ, 94 ఇచ్చే అమరికలోనూ తయారీదారులు అమ్ముతారు. స్ట్రీమర్ ఆడిన సైటులో ఉన్న అమరికే మీ ఫోనులోని సైటులోనూ ఉందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆట సమాచారం పేజీ తెరిస్తే ఆ శాతం సాధారణంగా రాసి ఉంటుంది, తెరిచేవారే అరుదు.

రెండవ సంగతి, అది వర్తించే ఆటల్లో కూడా రుజువు చేసేది చాలా చిన్న విషయం. సైటు ఒక రహస్య సంఖ్యను ఎంచుకుని, దాన్ని బయటపెట్టకుండా దాని ముద్ర వంటి హాష్‌ను ముందే మీకు చూపిస్తుంది. మీరు మీ వంతుగా ఇంకొక సంఖ్య ఇస్తారు. ఈ రెండూ, ఎన్నవ పందెం అన్న లెక్క, మూడూ కలిపితే ఫలితం వస్తుంది. తరువాత రహస్యం బయటపెట్టినప్పుడు, దాని హాష్ మొదట చూపిన దానితో సరిపోతే, మీరు పందెం కాశాక సైటు ఫలితాన్ని మార్చలేదని తేలుతుంది. తేలేది అంతే. ఆ రహస్యం ముందే ఎవరి చెవిలోనైనా పడిందా అన్నది ఈ పరీక్షకు అందదు. ఒక స్ట్రీమర్‌కు రహస్య సంఖ్య ముందే తెలిస్తే, తన వంతు సంఖ్యను కంప్యూటరు మీద వేలసార్లు మార్చి చూసుకుని, వరసగా పెద్ద గెలుపులు వచ్చేదాన్ని ఏరుకుని ప్రసారంలో కూర్చోవచ్చు. తరువాత మీరు ఎన్నిసార్లు సరిచూసినా లెక్క తప్పకుండా సరిపోతుంది, ఎందుకంటే లెక్కలో ఏ అబద్ధమూ లేదు.

ఇది నా ఊహాగానం అనుకునేవారికి 2016 నాటి ఒక సంఘటన గుర్తు చేస్తాను. కౌంటర్ స్ట్రైక్ ఆటలోని తుపాకుల అలంకారాలతో, వాటినే స్కిన్‌లంటారు, పందేలు నడిపిన ఒక సైటు, తనతో ఒప్పందం ఉన్న పేరున్న స్ట్రీమర్‌కు కొన్ని ఫలితాలను ముందే చెప్పామని స్వయంగా ఒప్పుకుంది. ప్రేక్షకులు చూసిన ఉత్కంఠ, ఫలితం తెలిసిన మనిషి నటించిన ఉత్కంఠ. అదే ఏడాది బయటపడిన సీఎస్‌గో లోటో వ్యవహారం ఇంకా స్పష్టమైనది. ట్రెవర్ మార్టిన్, టామ్ కాసెల్ అనే ఇద్దరు యూట్యూబర్లు, ఐదు నిమిషాల్లో 13,000 డాలర్లు గెలవడం ఎలా అన్న తరహా పేర్లతో వీడియోలు పెట్టి ప్రచారం చేసిన సైటు వారి సొంతదేనని తేలింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017 సెప్టెంబరులో వారితో రాజీ పత్రం రాయించుకుంది. ఇతర స్ట్రీమర్లకు 2,500 నుంచి 55,000 డాలర్ల వరకు ఇచ్చి, సైటు పేరు చెడగొట్టే మాట అనకూడదన్న షరతుతో ప్రచారం చేయించుకున్నారని కూడా ఆ కమిషన్ తన ఫిర్యాదులో పేర్కొంది. ఆ షరతు దగ్గర ఒక క్షణం ఆగి ఆలోచించండి. నిజంగా నష్టపోయిన ఆటగాడు చేసే మొదటి పని సైటును తిట్టడం, డబ్బు తీసుకున్నవాడికి ఆ నోరే లేదు.

విత్‌డ్రా తెర మీదే చేశాడన్న వాదానికి, క్రిప్టో సైట్ల దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి, రెండు సమాధానాలు ఉన్నాయి. క్రిప్టో సైట్లలో విత్‌డ్రా అంటే సైటు వాలెట్ నుంచి ఆటగాడి వాలెట్‌కు నాణేలు కదలడం. బ్లాక్‌చెయిన్‌లో ఆ కదలిక ఎవరికైనా కనిపిస్తుంది, అది నిజమే. కానీ స్ట్రీమర్ పారితోషికం కూడా సైటు నుంచే, తరచుగా అదే తరహా బదిలీగానే వస్తుంది. వచ్చిన నాణేల్లో ఏది గెలుపో, ఏది జీతమో, ఏది రేపటి ప్రసారానికి మళ్లీ సైటుకే వెళ్లవలసిన పెట్టుబడో బ్లాక్‌చెయిన్ మీద రాసి ఉండదు.

మన దగ్గర చూపించే రుజువు ఇంకా పలచనిది. తెలుగు రీల్స్‌లో, టెలిగ్రామ్ ఛానళ్లలో కనిపించేది యూపీఐ తెర ఫొటో, లేదా బ్యాంకు పేరుతో వచ్చిన ఒక ఎస్ఎంఎస్. వీటిని తయారు చేయడానికి పది నిమిషాలు చాలు. ఒకవేళ డబ్బు నిజంగానే వచ్చినా, అది జూదపు సైటు పేరున్న ఖాతా నుంచి రాదు. ఎవరో ఒక వ్యక్తి పేరున, ఊరూ పేరూ తెలియని చిన్న సంస్థ పేరున తెరిచి అద్దెకు ఇచ్చిన ఖాతా నుంచి వస్తుంది. ఆ ఖాతాలోకి ఒక సైబర్ మోసం సొమ్ము కూడా వచ్చి ఉంటే, బాధితుడు 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చిన తరువాత, సొమ్ము దాటిన ఖాతాల మీద బ్యాంకు తాళం పడే ప్రమాదం ఉంది. రెండు వేలు గెలిచి విత్‌డ్రా చేసుకున్న మనిషి జీతం ఖాతా స్తంభించి, వేరే రాష్ట్రంలోని పోలీసు స్టేషన్‌కు ఉత్తరాలు రాసుకోవలసి రావచ్చు. ఈ దృశ్యం ఏ లైవ్‌లోనూ కనిపించదు.

చివరి ప్రశ్నకు, అదృష్టం అందరికీ సమానమే కదా అన్న అర్థంలో అడిగేదానికి, కొంచెం లెక్క కావాలి. ఒక స్లాట్ నూటికి 96 తిరిగి ఇస్తుందంటే ఆ శాతం మీరు వేసిన జమ మీద కాదు, కాసిన ప్రతి పందెం మీద. ఆ 96 మొత్తాన్నీ 5,000 రెట్ల గెలుపుల రూపంలోనే పంచినా, సగటున 5,208 స్పిన్‌లకు ఒకటి కన్నా తరచుగా రావడం గణితం ప్రకారం అసాధ్యం. నిజంలో ఆ శాతంలో పెద్ద భాగం చిల్లర గెలుపులకు పోతుంది కాబట్టి, గరిష్ఠ గెలుపు అంతకన్నా ఎన్నో రెట్లు అరుదు. పదివేలు వేసి స్పిన్‌కు 20 రూపాయలు పెట్టే మనిషి దగ్గర ఉన్నది 500 స్పిన్‌ల సరుకు. మధ్యలో వచ్చే చిల్లరతో అది కొంత సాగుతుంది, కానీ రోజూ ఎవరో నింపే ఖాతా ఎదురు చూసినంత కాలం అతను ఎదురు చూడలేడు. దానికి తోడు వీడియో కింద స్ట్రీమర్ ఇచ్చే కోడ్‌తో చేరితే జమకు సమానంగా బోనస్ వస్తుందంటారు. పదివేలకు పదివేలు. షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది, బోనస్‌కు నలభై రెట్లు పందేలు కాస్తే గాని విత్‌డ్రా లేదని. నలభై రెట్లంటే 4 లక్షల రూపాయల పందేలు. నూటికి నాలుగు చొప్పున అందులో సగటున పోయేది 16,000. ఇరవై వేలతో మొదలుపెట్టినవాడు షరతు పూర్తి చేసేసరికి సగటున నాలుగు వేలతో మిగులుతాడు, సొంతంగా వేసినదే పదివేలు. చాలామంది ఆ చివరి దాకా రారు, మధ్యలోనే ఖాతా ఖాళీ అవుతుంది.

ఆ కోడ్ ఎందుకు ఇచ్చారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రంగంలో విరివిగా ఉన్న ఒప్పందం రెవెన్యూ షేర్, అంటే కోడ్‌తో చేరినవారు పోగొట్టుకున్న నికర సొమ్ములో స్ట్రీమర్‌కు వంతు. నూటికి 30 అనుకుంటే, మీ పదివేలు పోయిన రోజున అతనికి మూడు వేలు జమ అవుతుంది. మీరు గెలిస్తే అతని నెల వాటా తగ్గుతుంది. గెలవండి అని చాట్‌లో దీవించే మనిషికి, మీ వల్ల, మీ ఓటమి తప్ప వేరే ఆదాయం రాని ఏర్పాటు ఇది. తలకు ఇంత అని ఒకేసారి ఇచ్చే ఒప్పందాలూ ఉన్నాయి. వాటిలో స్ట్రీమర్‌కు మీ మీద ఆసక్తి మొదటి జమతోనే తీరిపోతుంది.

మన ప్రాంతంలో ఇది పోలీసుల దాకా వెళ్లిన విషయమే. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణ మీద 2025 మార్చిలో హైదరాబాద్‌లో పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, నటుల మీద కేసులు నమోదయ్యాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, ఇటువంటి ఆటలకు ప్రకటన ఇవ్వడానికే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. తెలుగులో గెలుపు వీడియోలు పెట్టేవారిలో కొందరు ఇప్పుడు ముఖం చూపకుండా, సైటు పేరు పలకకుండా, లింకు బయోలో ఉందని మాత్రం అంటున్నది ఊరికే కాదు.

సందేశాన్ని ఇంకా నమ్మేవారు ఒక పని చేసి చూడవచ్చు. ఈ సైట్లలో దాదాపు అన్నిటిలోనూ లావాదేవీల పేజీ ఒకటి ఉంటుంది. మొదటి జమ నుంచి చివరి విత్‌డ్రా వరకు అన్నీ తేదీలతో అందులో ఉంటాయి, తెరవడానికి రెండు నొక్కులు చాలు. మీరు నమ్మిన స్ట్రీమర్‌ను, ప్రసారం నడుస్తుండగానే, ఆ పేజీని మొదటి నుంచి చివరి వరకు జరిపి చూపించమని చాట్‌లో మర్యాదగా అడగండి. నేను నలుగురిని అడిగాను. ముగ్గురి చాట్‌లో నా ప్రశ్న నిమిషంలో మాయమైంది. నాలుగవ వ్యక్తి చదివి, నవ్వి, తరువాతి బోనస్ కొన్నాడు.